వినేవారికి అందే కేసు ప్రజెంటేషన్: హిస్టరీ, ఫైండింగ్స్, తర్కం ఏ వరుసలో రావాలి

సంక్షిప్తంగా: తోటి వైద్యుల ముందు చదివే కేసు స్క్రిప్టును కేస్ షీట్ వరుసలోనే రాస్తే, కీలకమైన వివరాలన్నీ అందులో ఉన్నా వినేవారికి అందకుండా పోయే అవకాశం ఎక్కువ. విన్నదానిలో ఒకేసారి మనసులో నిలిచేవి కొద్ది విషయాలే కావడం ఇందుకు ప్రధాన కారణం. మొదటి వాక్యంలో సమస్యను స్థిరపరచడం, హిస్టరీని ఒకే కాలక్రమంలో నడపడం, కలిపి అర్థం చేసుకోవలసిన ఫలితాలను పక్కపక్కనే చెప్పడం, తర్కానికి ముందు ఒక సారాంశ వాక్యం ఉంచడం వల్ల వినికిడి ఎలా మారుతుందో అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్న ఒక రోగి కేసు ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కేసు వివరణ కోసం కూర్చినది. అందులోని వైద్య విషయాలు మాత్రం ఆ వ్యాధిలో కనిపించేవే.

## కేస్ షీట్ వరుస చెవికి ఎందుకు సరిపడదు

కేస్ షీట్‌కు స్థిరమైన వరుస ఉంటుంది. ప్రధాన ఫిర్యాదుతో మొదలై ప్రస్తుత అనారోగ్య చరిత్ర, గత చరిత్ర, మందులు, కుటుంబ చరిత్ర, శారీరక పరీక్ష, ల్యాబ్ ఫలితాలు, చివరికి అంచనా అన్న క్రమంలో అది సాగుతుంది. ఏ వివరం ఎక్కడ ఉంటుందో ముందే తెలిసి ఉండటం వల్ల చదివే వైద్యుడు తనకు కావలసిన చోటికి నేరుగా వెళ్లగలడు. ఈ సమాచారమంతా విడివిడి విభాగాల్లో చెదిరిపోకుండా రోగి సమస్యల కింద సర్దాలని 1968లో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ వైద్యుడు ప్రతిపాదించారు. సమస్యల ఆధారిత వైద్య రికార్డు అక్కడి నుంచే వ్యాప్తిలోకి వచ్చింది. అయితే అది కూడా కళ్లతో చదివే కాగితానికి చేసిన సర్దుబాటే.

వినేవారి పరిస్థితి వేరు. చదివేవారు పొటాషియం విలువ చూశాక మందుల జాబితాను మళ్లీ చూసుకోగలరు. వినేవారికి ఆ వీలు లేదు. అప్పటికి గుర్తున్నదే వారి చేతిలో ఉన్న సమాచారం. మనసు ఒకేసారి పట్టి ఉంచగల అంశాలు ఏడుకు అటూ ఇటూగా ఉంటాయని 1956లో జార్జ్ మిల్లర్ రాశారు. గుంపులుగా కట్టుకునే అవకాశం లేనప్పుడు ఆ సంఖ్య సుమారు నాలుగేనని 2001లో నెల్సన్ కోవన్ వాదించారు. ఏ సంఖ్యను తీసుకున్నా, వరుసగా చదివిన పదిహేను ల్యాబ్ విలువలు అందులో ఇమడవు.

ఇక్కడ గమనించవలసిన పదం గుంపు. రోగి లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయిందని, నాడి వేగం పెరిగిందని, తల తిరిగిందని విన్న వైద్యుడు మూడు విషయాలను విడివిడిగా మోయడు. శరీరంలో ద్రవం తగ్గిందన్న ఒకే భావనగా దాచుకుంటాడు. ఈ మూడింటినీ మూడు వేర్వేరు చోట్ల వింటే మాత్రం మూడింటినీ విడిగా గుర్తుంచుకోవాలి, వాటిని కలిపే పని కూడా తానే చేయాలి. స్క్రిప్టు రాసేవారు వరుసను మార్చేది ఈ కలిపే పనిని వినేవారి నుంచి తాము తీసుకోవడానికే. దీనికి అర్థం ముగింపును ముందుగా వారి చేతిలో పెట్టడం కాదు. ఆ తేడా దగ్గరే చాలా స్క్రిప్టులు తడబడతాయి.

## మొదటి వాక్యం ఎంత చెప్పాలి

కేసు ఇది. 44 ఏళ్ల పురుషుడు. నాలుగు నెలలుగా నీరసం, బరువు తగ్గడం. మూడు వారాలుగా వాంతులు. చేరిన రోజు ఉదయం మంచం మీద నుంచి లేస్తూ స్పృహ తప్పి పడిపోయాడు. పన్నెండేళ్ల కిందట ఊపిరితిత్తుల క్షయకు పూర్తి చికిత్స తీసుకున్నాడు.

ఇలాంటి కేసుకు రాసిన తొలి ప్రతుల్లో మొదటి వాక్యం సాధారణంగా రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, అందులో ఏమీ లేకపోవడం: ‘44 ఏళ్ల పురుషుడు నీరసం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, వాంతులు, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం అనే ఫిర్యాదులతో చేరాడు.’ ఆరు ఫిర్యాదులు, వాటి మధ్య సంబంధం లేదు, వ్యవధి లేదు. రెండోది, అందులో అంతా ఉండటం: ‘అడిసన్ వ్యాధి అనుమానంతో చేరిన 44 ఏళ్ల పురుషుడి కేసు.’ ఈ రెండో వాక్యం విన్న క్షణం నుంచి ప్రతి వివరమూ ఆ పేరుకు సాక్ష్యంగానే వినబడుతుంది. దానికి పొసగని వివరాన్ని వినేవారు తెలియకుండానే పక్కన పెడతారు. రోగనిర్ధారణలో లంగరు వేయడం అని పిలిచే ఈ పొరపాటుకు తరచూ తలుపు తెరిచేది మొదటి వాక్యమే.

ఈ రెండింటి మధ్య ఉండవలసిన వాక్యంలో వయసు, లింగం, ఈ సమస్యకు నిజంగా సంబంధించే గత చరిత్ర, సమస్య, దాని వ్యవధి ఉంటే చాలు. ‘పన్నెండేళ్ల కిందట క్షయకు పూర్తి చికిత్స తీసుకున్న 44 ఏళ్ల పురుషుడు, నాలుగు నెలలుగా పెరుగుతున్న నీరసం, బరువు తగ్గడంతో ఉండి, ఈ రోజు లేచి నిలబడగానే స్పృహ తప్పి పడిపోయాడు.’ క్షయ ప్రస్తావన కేస్ షీట్‌లో గత చరిత్ర కిందికి, అంటే చాలా దూరానికి వెళ్లేది. ఇక్కడ మొదటి వాక్యంలోకి వచ్చింది, ఎందుకంటే తర్వాతి ప్రతి మలుపులోనూ వినేవారు దానితో పోల్చుకోవలసి ఉంటుంది. అదే రోగికి ఎప్పుడో జరిగిన అపెండిక్స్ ఆపరేషన్ ఉంటే దానికి ఇక్కడ చోటు లేదు.

క్షయను ముందుకు తేవడం కూడా ఒక రకంగా వినేవారిని ఒకవైపు నెట్టడమేనన్న అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. కొందరు క్షయ తిరగబెట్టిందని ఊహిస్తారు. అయితే అది రోగి చరిత్రలోని వాస్తవం, రాసేవారి అభిప్రాయం కాదు. ఆ ఊహను పరీక్షించే వివరాలు, అంటే దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు లేవన్న సమాచారం, వెంటనే హిస్టరీలో వస్తే నష్టం లేదు.

డ్యూటీ మారేటప్పుడు రోగిని అప్పగించే సందర్భంలో ఈ సంయమనం అక్కరలేదు. అక్కడ రాత్రంతా రోగిని చూసుకోవలసిన వైద్యుడికి నిర్ధారణ, ప్రమాదం, చేయవలసిన పని మొదటి వాక్యంలోనే తెలియాలి. ఇక్కడి చర్చ తోటివారితో కలిసి ఆలోచించడానికి పెట్టే ప్రజెంటేషన్ గురించి.

## హిస్టరీలో కాలం ఒకే దిశలో నడవాలి

వినేవారిని ఎక్కువగా తికమకపెట్టేది కాలం. ‘గత నెల 14న వాంతులు మొదలయ్యాయి, ఆదివారం ఎక్కువయ్యాయి, అంతకుముందు జనవరి నుంచి నీరసం ఉంది, మూడు రోజుల తర్వాత ఒక క్లినిక్‌లో చూపించుకున్నాడు’ అన్న వాక్యంలో నాలుగు రకాల కొలతలున్నాయి. వినేవారు ప్రతిసారీ లెక్క వేసుకోవాలి. ఆ లెక్క వేసుకునే రెండు సెకన్లలో తర్వాతి వాక్యం దాటిపోతుంది. ఒకే కొలతను ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడితే ఈ ఇబ్బంది ఉండదు. చేరిన రోజును సున్నాగా తీసుకుని, ‘చేరడానికి నాలుగు నెలల ముందు’, ‘మూడు వారాల ముందు’, ‘ఆ రోజు ఉదయం’ అని పాతదాని నుంచి కొత్తదానికి రావడం అన్నిటికంటే తేలిక. మళ్లీ వెనక్కి వెళ్లకూడదు. చెప్పడం మరిచిన పాత విషయం గుర్తుకొస్తే దానిని స్క్రిప్టులో దాని కాలం దగ్గర చేర్చాలి తప్ప, ‘ఇంకో విషయం’ అంటూ చివర తగిలించకూడదు.

ప్రతి దశలోనూ లక్షణాన్ని రోగి చేసే పనిలో చూపిస్తే అది వినేవారికి నిలుస్తుంది. ‘తీవ్రమైన నీరసం’ అన్న మాట చెవి దాటిపోతుంది. ‘రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కే మనిషి, రెండో నెల నాటికి మొదటి అంతస్తులోనే కూర్చుండిపోయేవాడు’ అన్నది దాటిపోదు, పైగా తీవ్రతకు కొలత కూడా అవుతుంది. బరువు విషయంలో ‘గణనీయంగా తగ్గాడు’ అనడం కంటే ‘63 కిలోల నుంచి 54 కిలోలకు’ అనడం పొట్టిగానూ ఉంటుంది, వాదనకు తావివ్వదు కూడా.

లేని లక్షణాలను ఎక్కడ చెప్పాలన్నది తర్వాతి చిక్కు. కేస్ షీట్‌లో అవయవ వ్యవస్థల సమీక్ష కింద పాతిక లేనివి వరుసగా ఉంటాయి. వాటిని అలాగే చదివితే అన్నీ సమాన బరువుతో వినబడి, ఏదీ గుర్తుండదు. లేని లక్షణానికి విలువ వచ్చేది ఒక ప్రశ్నకు జవాబుగా నిలిచినప్పుడు. వాంతులు, బరువు తగ్గడం విన్న వైద్యుడి మనసులో అప్పటికే ప్రశ్నలు లేస్తాయి: పేగుల జబ్బా, క్యాన్సరా, క్షయ మళ్లీ వచ్చిందా, ఏదైనా మందు వల్లా? ఆ ప్రశ్నలు లేచిన చోటనే జవాబులు రావాలి. అందుకే ఈ స్క్రిప్టులో విరేచనాలు, కడుపునొప్పి, రక్తపు వాంతి లేవన్న మాట వాంతుల వాక్యం పక్కనే ఉంటుంది. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు లేవన్న మాట బరువు వాక్యం పక్కన ఉంటుంది. నీటిమాత్రలు, రక్తపోటు మందులు, స్టెరాయిడ్లు, నాటు మందులు ఏవీ వాడలేదన్న మాట స్పృహ తప్పిన సంఘటన పక్కన ఉంటుంది. మొత్తం పది దాటని ఈ లేనివి మూడు ప్రశ్నల కింద మూడు గుంపులుగా అందుతాయి.

స్టెరాయిడ్ల గురించిన వాక్యాన్ని విడిగా, కాస్త నెమ్మదిగా చదవడం మంచిది. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే కూడా కార్టిసాల్ లోపం వస్తుంది. ‘మందులేవీ లేవు’ అన్న రెండు మాటల్లో ఈ అవకాశాన్ని అడిగి తోసిపుచ్చారో, అసలు అడగనే లేదో తెలియదు.

## శారీరక పరీక్ష: చూసినది, చూసినట్టుగా

పరీక్షలో కనిపించినవాటిని తల నుంచి పాదాల దాకా చెప్పే అలవాటును పూర్తిగా వదలనక్కరలేదు. వినేవారికి ఆ దారి పరిచితమే. మార్చవలసింది నిడివుల్ని. మామూలుగా ఉన్న గుండె, ఊపిరితిత్తులు, పొట్ట కలిపి ఒక్క వాక్యం. అసాధారణమైనవాటికి కావలసినంత చోటు.

ఈ రోగిలో అలాంటివి రెండు. మొదటిది రక్తపోటు. పడుకున్నప్పుడు 96/60, నాడి నిమిషానికి 98. నిలబడిన మూడు నిమిషాలకు రక్తపోటు 74/48, నాడి 122, రోగికి కళ్లు బైర్లు కమ్మాయి. ఈ అయిదు ముక్కలు ఒకే ఊపిరిలో రావాలి, ముందు పడుకున్న స్థితి, తర్వాత నిలబడిన స్థితి. ‘రక్తపోటు 96/60, ఉష్ణోగ్రత మామూలు, శ్వాస 18’ అని చెప్పుకుంటూ పోయి, చాలాసేపటికి ‘నిలబడితే రక్తపోటు పడిపోతోంది’ అన్నప్పుడు వినేవారికి మొదటి అంకె గుర్తుండదు.

రెండోది చర్మం. ‘చర్మం నల్లబడింది’ అన్న మాటతో వినేవారికి ఉపయోగం తక్కువ, ఎందుకంటే ఎండ వల్లా, పోషకాహార లోపం వల్లా, సహజంగానూ చర్మం నల్లగా ఉండవచ్చు. ఎక్కడ నల్లబడిందన్నదే ఇక్కడ ఆధారం. అరచేతులు చాపి చూస్తే చర్మం మామూలు రంగులోనే ఉంది గాని గీతలు మాత్రం సిరాతో గీసినట్టు ముదురుగా ఉన్నాయి. వేళ్ల కణుపులపైనా అదే రంగు. పెదవి లోపలి పొరమీద, చిగుళ్ల మీద నీలి నలుపు మచ్చలున్నాయి. ముంజేతిమీద రెండు మచ్చలున్నాయి: రెండు నెలల కిందటి గాయం మచ్చ నల్లగా, చిన్ననాటి గాయం మచ్చ లేతగా. ఎండకు తగలని నోటి లోపల, గీతల్లో, వ్యాధి మొదలయ్యాక మానిన మచ్చలో రంగు చేరడం ఒక ప్రత్యేకమైన ప్రక్రియను సూచిస్తుంది. అయితే ఆ సూచనను ఈ దశలో నోటితో చెప్పకూడదు. పరీక్ష విభాగంలో కనిపించినది మాత్రమే ఉండాలి. ‘అడిసన్ వ్యాధిలో కనిపించే రంగు’ అనడం చూసినదాన్నీ అనుకున్నదాన్నీ కలిపేయడం అవుతుంది. గదిలో ఒకరు ‘అది ఎప్పటి నుంచి ఉంది, కుటుంబంలో మిగతావారికీ ఉందా’ అని అడిగే అవకాశాన్ని అది మూసేస్తుంది. నిజానికి ఈ రోగి విషయంలో పాత ఫొటోతో పోల్చి చూస్తే ముఖం కూడా ముదిరిందని తెలిసింది, ఆ వివరం కూడా ఇక్కడే చేరాలి.

## ల్యాబ్ ఫలితాలు: ఒకదానికొకటి దూరమైన జంట

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ల్యాబ్ విలువల దగ్గర. రిపోర్టు వరుసలో చదివితే ఇలా ఉంటుంది: హిమోగ్లోబిన్ 11.2, తెల్లకణాలు 6,400, ఇసినోఫిల్స్ 9 శాతం, ప్లేట్‌లెట్లు 2.3 లక్షలు, యూరియా 52, క్రియాటినిన్ 1.3, గ్లూకోజ్ 64, సోడియం 122, పొటాషియం 5.9, బిలిరుబిన్ 0.8, టీఎస్‌హెచ్ 7.8. ఈ జాబితా వినేవారిలో చాలామంది పట్టుకునేది ఒకే అంకె, సోడియం 122, ఎందుకంటే అది భయపెడుతుంది. దాని వెంటే వచ్చిన పొటాషియం విలువ ఆ భయంలో సగం వినబడుతుంది. చివరగా వచ్చిన టీఎస్‌హెచ్ మాత్రం చివరిది కావడం వల్ల గుర్తుంటుంది.

దీని ఫలితం ఊహించదగినదే. సోడియం తగ్గడం, నీరసం, టీఎస్‌హెచ్ పెరగడం అన్న మూడూ చేతిలో మిగిలిన గది థైరాయిడ్ లోపం వైపు వెళుతుంది. ఇది మాటవరస పొరపాటు మాత్రమే కాదు. చికిత్స లేని అడ్రినల్ లోపంలో, థైరాయిడ్ జబ్బు లేకున్నా, టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి కనిపించవచ్చు. ఆ దశలో కార్టిసాల్ ఇవ్వకుండా థైరాక్సిన్ మొదలుపెడితే, శరీరం ఉన్న కాస్త కార్టిసాల్‌నూ త్వరగా ఖర్చు చేసి రోగి అడ్రినల్ సంక్షోభంలోకి జారవచ్చు. స్క్రిప్టులోని వరుస ఒక ప్రాణాంతకమైన సలహాకు దారి చూపగలదన్న మాట.

సరైన వరుసలో ముందు రావలసినవి జంటలు. సోడియం 122, తగ్గింది, పొటాషియం 5.9, పెరిగింది. ఈ రెండూ ఒకే వాక్యంలో, ఒక్కోదాని దిశతో సహా రావాలి. దిశను చెప్పడం వ్యాఖ్యానం కిందికి రాదు. వినేవారు ప్రతి విలువనూ మామూలు పరిధితో పోల్చుకునే శ్రమను అది తగ్గిస్తుంది, అంతే. తర్వాత, ఆ జంటకు మూత్రపిండాలు కారణం కావచ్చా అన్న ప్రశ్న వెంటనే లేస్తుంది కాబట్టి, క్రియాటినిన్ 1.3 అన్నది దానికి ఆనుకునే ఉండాలి. ఆ స్వల్ప పెరుగుదల పొటాషియం 5.9కి చాలినంత కారణం కాదు. పొటాషియం పెరిగిందని విన్న ప్రతి వైద్యుడూ ఈసీజీ గురించి అడుగుతాడు, అందుకే ఈసీజీలో మార్పులు లేవన్న మాట కూడా అక్కడే చెప్పాలి. గ్లూకోజ్ 64, ఇసినోఫిల్స్ 9 శాతం అన్నవి మరో జంట. కార్టిసాల్ లోపంలో రెండూ కలిసి కనిపిస్తాయి. మామూలుగా ఉన్నవన్నీ ‘మిగతా రక్తకణాల లెక్క, కాలేయ పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు’ అన్న వాక్యంతో సరి. టీఎస్‌హెచ్‌ను దాచకూడదు, కానీ మధ్యలో, దాని పరిమాణంతో సహా చెప్పాలి: ‘టీఎస్‌హెచ్ 7.8, స్వల్పంగా పెరిగింది, ఫ్రీ టీ4 మామూలు పరిధిలో ఉంది.’

అంకెల సంఖ్యను తగ్గించడంలో ఒక హద్దు ఉంది. గదిలో ఎవరైనా అడిగితే చెప్పడానికి మొత్తం జాబితా చేతిలో ఉండాలి. నోటితో చదివే స్క్రిప్టు వేరు, పక్కన పెట్టుకునే కాగితం వేరు.

## సారాంశ వాక్యం, దాని వెంట తర్కం

ఫలితాల తర్వాత నేరుగా డిఫరెన్షియల్‌లోకి దూకడం చాలా స్క్రిప్టుల్లో కనిపించే లోపం. అప్పటికి వినేవారు అయిదారు నిమిషాలుగా వివరాలు పోగుచేసుకుంటున్నారు; ఎవరి పోగు వారిదిగా ఉంది. వాటన్నిటినీ ఒక వాక్యంలో ముడివేసి చెబితే అందరూ ఒకే చోట నిలబడతారు. వైద్య విద్యలో దీనిని సమస్య ప్రతిరూపం అంటారు. ఇందులో రోగి మాటలు వైద్యుల మాటలుగా మారతాయి: నాలుగు నెలలు అన్నది దీర్ఘకాలికం అవుతుంది, లేస్తే పడిపోవడం అన్నది నిలబడినప్పుడు రక్తపోటు తగ్గడం అవుతుంది. ఈ రకమైన విరుద్ధ జంటల పదాలు, అంటే ఆకస్మికం లేదా దీర్ఘకాలికం, ఒకవైపు లేదా రెండువైపులా వంటివి, రోగనిర్ధారణలో ఆలోచనను ఎలా క్రమబద్ధం చేస్తాయో జార్జ్ బోర్డాజ్ వైద్య విద్య పరిశోధనలో వివరించారు.

ఈ కేసుకు ఆ వాక్యం ఇలా ఉండవచ్చు: ‘గతంలో క్షయ వచ్చిన మధ్యవయసు పురుషుడిలో దీర్ఘకాలిక నీరసం, బరువు తగ్గుదల, నిలబడితే పడిపోయే రక్తపోటు, నోటిలోనూ అరచేతి గీతల్లోనూ నలుపు, తగ్గిన సోడియంతో పాటు పెరిగిన పొటాషియం.’ మొదటి వాక్యాన్నే మళ్లీ చదివితే ఇది సారాంశం కాదు. మొదటి వాక్యానికీ దీనికీ మధ్య ఏం పెరిగిందో వినబడాలి.

తర్కం మొదలవ్వవలసింది వ్యాధుల జాబితాతో కాదు, పొసగని ఒక విషయంతో. ఇక్కడ అది పొటాషియం. మూడు వారాలుగా వాంతులు చేసుకుంటున్న మనిషిలో సోడియం తగ్గడం ఆశ్చర్యం కాదు, కానీ పొటాషియం కూడా తగ్గి ఉండాలి. పెరిగింది. కాబట్టి వాంతులు ఈ చిత్రానికి మూలకారణం కావు. ఈ ఒక్క మెట్టు ఎక్కించాక వినేవారు తర్వాతి మెట్లను తామే ఎక్కగలరు. మూత్రపిండాల వైఫల్యానికి క్రియాటినిన్ చాలదు. పొటాషియం పెంచే మందులేవీ వాడలేదు. మిగిలింది, మూత్రపిండం సోడియంను నిలుపుకుని పొటాషియంను వదిలేలా చేసే ఆల్డోస్టెరాన్ కొరవడటం.

అప్పుడు రంగు వివరం తన పని చేస్తుంది. కార్టిసాల్ తగ్గితే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్‌ను విపరీతంగా పంపుతుంది; ఎక్కువైన ఏసీటీహెచ్ చర్మంలోని రంగు కణాలను కూడా ప్రేరేపిస్తుంది. లోపం పిట్యూటరీలోనే ఉంటే ఏసీటీహెచ్ తక్కువగా ఉంటుంది కాబట్టి రంగు మారదు, ఆల్డోస్టెరాన్‌ను నడిపేది ప్రధానంగా మరో వ్యవస్థ కాబట్టి పొటాషియం కూడా పెరగదు. అందుచేత నలుపు, పొటాషియం రెండూ కలిసి లోపం అడ్రినల్ గ్రంథిలోనే ఉందని చెబుతున్నాయి. మొదటి వాక్యంలో విన్న క్షయ ఇప్పుడు కారణంగా ముందుకొస్తుంది. తమ సొంత రోగనిరోధక వ్యవస్థ గ్రంథిని దెబ్బతీయడం రెండో అవకాశంగా ఉంటుంది. ఈ రెండు మెట్లను విడదీయడం అవసరం: లోపం ఎక్కడ అన్నది ఒక ప్రశ్న, ఎందువల్ల అన్నది మరొకటి. కలిపి చెబితే వినేవారు క్షయ గురించి వాదిస్తూ మొదటి ప్రశ్నను పూర్తిచేయకుండానే వదిలేస్తారు.

తోసిపుచ్చిన ప్రతి వ్యాధికీ ఒక వాక్యం చాలు, ఆ వాక్యంలో ఒక్క కారణం చాలు. థైరాయిడ్ లోపం అన్నది నీరసాన్నీ తక్కువ సోడియంనూ వివరిస్తుంది, కానీ బరువు తగ్గడాన్ని గాని పొటాషియంను గాని వివరించదు. ఇంతకుమించి సాగదీస్తే గెలిచిన వ్యాధి కంటే ఓడిన వ్యాధులే ఎక్కువ గుర్తుంటాయి.

## స్క్రిప్టు నోట ఎలా పలుకుతుంది

పై మార్పులన్నీ చేశాక మధ్య భాగం సుమారుగా ఇలా తయారవుతుంది:

> చేరడానికి నాలుగు నెలల ముందు నీరసం మొదలైంది. రెండో నెల నాటికి ఒక అంతస్తు మెట్లు ఎక్కలేని స్థితికి వచ్చాడు. ఈ కాలంలో బరువు 63 కిలోల నుంచి 54 కిలోలకు తగ్గింది. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు లేవు. ఉప్పు ఎక్కువగా కావాలని అడుగుతున్నాడని కుటుంబసభ్యులు చెప్పారు.
>
> మూడు వారాల ముందు వాంతులు మొదలయ్యాయి, రోజుకు రెండు మూడుసార్లు. విరేచనాలు, కడుపునొప్పి, రక్తపు వాంతి లేవు.
>
> చేరిన రోజు ఉదయం మంచం మీద నుంచి లేస్తూ స్పృహ తప్పాడు, నిమిషంలోపే తేరుకున్నాడు. నీటిమాత్రలు గాని, రక్తపోటు మందులు గాని, ఏ రూపంలోనైనా స్టెరాయిడ్లు గాని వాడలేదు.
>
> ఇప్పుడు పరీక్షలో కనిపించినవి.

చివరి వాక్యం వృథాగా కనిపించవచ్చు. కాగితం మీద ఆ పని ఉపశీర్షిక చేస్తుంది. చెవికి ఉపశీర్షిక లేదు కాబట్టి, ఒక విభాగం ముగిసి మరొకటి మొదలవుతోందని నోటితోనే చెప్పాలి. ఫలితాలకు ముందు, తర్కానికి ముందు కూడా ఇలాంటి చిన్న వాక్యం ఒకటి ఉంటే, ఒక క్షణం దృష్టి మరలిన శ్రోత కూడా మళ్లీ కలుసుకోగలడు. సారాంశ వాక్యం తర్వాత అయిదు సెకన్ల మౌనం కూడా స్క్రిప్టులో రాసిపెట్టుకోవలసిన విషయమే. ఆ మౌనంలోనే గది ఆలోచిస్తుంది.

చికిత్స భాగంలో కాలక్రమం ఒకసారి తారుమారైనట్టు వినబడుతుంది, దానిని ముందే చెప్పాలి. ఈ రోగిలో కార్టిసాల్ ఫలితం వచ్చేదాకా ఆగలేదు. కార్టిసాల్, ఏసీటీహెచ్‌లకు రక్తం తీసి, వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు సిరలోకి ఇచ్చి, సెలైన్ మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన ఫలితాల్లో కార్టిసాల్ 2.1 మైక్రోగ్రాములు, ఏసీటీహెచ్ 480 పికోగ్రాములు. ‘నిర్ధారణకు ముందే చికిత్స మొదలైంది, కారణం రక్తపోటు’ అని ఒక వాక్యం ముందు రాకపోతే, వినేవారు ఫలితాన్ని చూసి చికిత్స చేశారని అనుకుంటారు, వేగంగా తీసుకున్న నిర్ణయం వెనక ఉన్న తర్కం కనబడకుండా పోతుంది. హైడ్రోకార్టిసోన్ ఇచ్చాక మూత్రంలో నీరు ధారాళంగా పోయి సోడియం మరీ వేగంగా పెరిగే ప్రమాదం ఉంటుంది. అందుకే మొదటి 24 గంటల్లో పెరుగుదల 8 నుంచి 10 యూనిట్లు దాటకుండా గంటల వారీగా చూసుకున్నారన్నది ఇక్కడే చెప్పాలి. సీటీలో రెండు అడ్రినల్ గ్రంథులూ చిన్నవై సున్నం పేరుకుని కనిపించాయన్నది చివరగా వస్తుంది, ఎందుకన్న రెండో ప్రశ్నకు జవాబుగా.

## స్క్రిప్టు పనిచేసిందో లేదో తెలుసుకునే దారి

రాసినదాన్ని కళ్లతో ఎన్నిసార్లు చదివినా ఈ లోపాలు బయటపడవు, రాసినవారికి కేసు ముందే తెలుసు కాబట్టి. కేసు తెలియని ఒక సహచరుడికి పైకి చదివి వినిపించి, సారాంశ వాక్యానికి ముందు ఆపి, ఇప్పటిదాకా విన్నది ఒక్క వాక్యంలో చెప్పమని అడగడం నమ్మదగిన పరీక్ష. ఆయన వాక్యంలో పొటాషియం లేకపోతే అది స్క్రిప్టులో సరైన చోట లేదని అర్థం. చెప్పిన కాలవ్యవధి తప్పితే హిస్టరీలో ఎక్కడో కాలం వెనక్కి తిరిగింది. సోడియం గుర్తుండి రక్తపోటు మరిచిపోతే, పడుకున్న, నిలబడిన అంకెల మధ్య వేరే వివరాలు దూరాయేమో చూడాలి.

ప్రజెంటేషన్ రోజున వచ్చే ప్రశ్నలు కూడా ఇదే చెబుతాయి. ‘ఆటోఇమ్యూన్ కారణాన్ని ఎలా తోసిపుచ్చారు’ అన్నది కేసు గురించిన ప్రశ్న. ‘వాంతులు ఎప్పుడు మొదలయ్యాయన్నారు’, ‘స్టెరాయిడ్లు వాడాడా’ అన్నవి స్క్రిప్టు గురించిన ప్రశ్నలు. ఆ జవాబులు అప్పటికే చదివి ఉంటే, అవి ఎవరికీ వినబడని చోట ఉన్నాయని అర్థం. అలాంటి ప్రశ్న ఏ వివరం గురించి వచ్చిందో స్క్రిప్టు అంచున గుర్తు పెట్టుకుంటే, అదే కేసును మరో చోట చెప్పేటప్పుడు ఆ వివరాన్ని ఎక్కడికి జరపాలో తెలుస్తుంది.